అల్గాల్ మసకబారిన రాత్రి: మేడ మీద మాగ్నిట్యూడ్ లెక్కల డైరీ

రోజు 1

నేను శ్రీకాకుళంలో పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాను. ఈ పదిహేను రోజులు ముహూర్తాలు పెద్దగా లేవు, డిసెంబరు కదా, ఆకాశం కూడా తేటగా ఉంటోంది, అందుకే ఎప్పట్నుంచో అనుకుంటున్న పని ఒకటి మొదలెట్టా. పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ఒక స్టాండు. వీటితో అల్గాల్ అనే చుక్క వెలుగు ఎంత తగ్గుతుందో నేనే కొలవాలి.

అల్గాల్ ఉత్తరం వైపు పర్సియస్ రాశిలో ఉంటుంది. కృత్తికలు తెలిస్తే అక్కణ్నుంచి కొంచెం ఉత్తరంగా చూస్తే దొరికిపోతుంది. మామూలుగా దాని మాగ్నిట్యూడ్, అంటే మసకబారేకొద్దీ పెరిగే వెలుగు అంకె, 2.1, కానీ 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకి ఒకసారి 3.4 దాకా మసకబారి మళ్లీ లేస్తుంది. అక్కడున్నది ఒక చుక్క కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవి రెండు, అందులో తక్కువ వెలుగుది ఎక్కువ వెలుగుదానికి అడ్డొచ్చినప్పుడు మనకి గ్రహణం. 1783లోనే జాన్ గుడ్‌రిక్ అనే కుర్రాడు కంటితో చూసి దీని లెక్క కట్టాడు, అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు.

మా మేనల్లుడు పదో తరగతి. పక్కన కూర్చుని "2.1 నుంచి 3.4 అంటే ఒకటింపావే కదా మావయ్యా, అది కూడా ఒక తగ్గడమేనా" అన్నాడు. ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

రోజు 2

ముందు లెక్క తేల్చుకోకుండా కెమెరా ముట్టకూడదనుకున్నా, ఎందుకంటే ఇద్దరం రెండు రకాలుగా తప్పు చేశాం.

మాగ్నిట్యూడ్ అంటే పాతకాలపు వరుస. గ్రీకులు కంటికి బాగా వెలిగేవాటిని మొదటి తరగతి అని, కనీకనపడనివాటిని ఆరో తరగతి అని పెట్టారు, అందుకే అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. క్లాసులో ఫస్ట్ ర్యాంకు, ఆరో ర్యాంకు ఉంటాయే, అలా. 1856లో నార్మన్ పాగ్సన్ దీన్ని లెక్కలోకి తెచ్చాడు, 5 మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు అని. ఈ పాగ్సనే 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి 1891లో చనిపోయేదాకా అక్కడే పని చేశాడని తెలిసి నాకు భలే అనిపించింది, అప్పట్లో మన జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా.

మావాడు వెంటనే "ఐదుకి వంద అంటే ఒకటికి ఇరవై" అన్నాడు. కాదు, ఎందుకంటే ఇది కూడుకుంటూ పోయే వరుస కాదు, గుణించుకుంటూ పోయేది. ప్రతి మెట్టుకీ ఒకే అంకెతో గుణించాలి, ఐదుసార్లు గుణిస్తే 100 రావాలి. ఆ అంకె 2.512. వాడి చేతే ఫోన్లో కొట్టించా, ఒక మెట్టుకి 2.512, రెండుకి 6.31, మూడుకి 15.85, నాలుక్కి 39.8, ఐదుకి 100. మొదటి మెట్టు మీద ఇరవై రెట్లు వేసుకుంటే రెండో మెట్టుకే నాలుగొందలు అయిపోతుంది, అది వాడే చూసుకున్నాడు.

నా తప్పు ఇంకో రకం. ఫోటోలు తీసేవాణ్ని కాబట్టి నాకు స్టాపులు అలవాటు, ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం. ఒక మాగ్నిట్యూడ్ అంటే ఒక స్టాపే అని ఇన్నాళ్లూ నా బుర్రలో ఉంది. అలాగైతే ఐదు మాగ్నిట్యూడ్లకి 32 రెట్లే వస్తుంది, 100 రాదు. నిజానికి ఒక మాగ్నిట్యూడ్ అంటే దాదాపు 1.33 స్టాపులు. ఇది ఒక్కసారి బుర్రలో పడ్డాక నాకు మొత్తం తేలికైపోయింది, కెమెరా పట్టుకునే ఎవరైనా ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే చాలు.

తేడా పూర్తి అంకె కానప్పుడు ఏం చెయ్యాలి? 100 అంటే 10 పైన 2, దాన్ని ఐదు మెట్లకి పంచితే మెట్టుకి 0.4. కాబట్టి తేడాని 0.4తో గుణించి, 10 పైన అంత పెడితే రెట్లు వచ్చేస్తాయి. అటు నుంచి ఇటు రావాలంటే రెట్లకి లాగ్ తీసి 2.5తో గుణించడం. ఫార్ములా ఇంతే:

```
m1 - m2 = -2.5 * log10(F1/F2)
```

ముందు మైనస్ ఉంది చూశారా, అది ర్యాంకు తలకిందులుగా ఉన్నందుకు. m అంటే మాగ్నిట్యూడ్, F అంటే కెమెరాలో పడిన వెలుగు.

మావాడి ప్రశ్నకి జవాబు: తేడా 1.3 అయితే 0.4 × 1.3 = 0.52, 10 పైన 0.52 అంటే 3.3. వెలుగు మూడోవంతుకి పడిపోతుందన్నమాట. "ఒకటింపావు" అని తీసిపారేసేది కాదు.

రోజు 3

మా మేడ మీదే మొదటి ట్రయల్. అల్గాల్‌ని వెంటనే కొలిస్తే నా కొలత తప్పో ఒప్పో తెలీదు, అందుకే ముందే మాగ్నిట్యూడ్ తెలిసిన రెండు చుక్కలు తీసుకున్నా. అదే రాశిలోని మిర్ఫాక్ 1.79, డెల్టా పర్సీ 3.01. తేడా 1.22, అంటే మిర్ఫాక్ 3.08 రెట్లు రావాలి. ఆ అంకె కాగితం మీద ముందే రాసి పెట్టుకుని మరీ కొలిచా.

వచ్చింది 1.7 రెట్లు. మాగ్నిట్యూడ్‌లోకి మారిస్తే 0.58, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

ఫోకస్ పక్కాగా పెట్టానేమో, చుక్క మధ్యలో పిక్సెళ్లు నిండిపోయి ఉంటాయనుకున్నా. నిజంగానే మిర్ఫాక్ నడిమధ్య తెల్లగా కాలిపోయింది, గిన్నె నిండిపోయాక ఎంత పోసినా కొలతలోకి రాదు కదా, అలా పెద్ద చుక్క తన వెలుగు తక్కువ చూపిస్తుంది. అందుకని ఫోకస్ కొంచెం చెడగొట్టి, చుక్కని చిన్న బిళ్లలా చేసి మళ్లీ తీశా, ఈసారి ఎక్కడా నిండలేదు. అయినా 1.7 చుట్టుపక్కలే తిరుగుతోంది.

రాత్రి పన్నెండుకి అమ్మ మెట్ల మీద నుంచి "ఏటిరా, మంచులో అలా పడుంటే జొరం వస్తాది, దిగు" అని కేకేసింది. దిగిపోయా.

రోజు 4

పొద్దున్న టీ తాగుతుంటే తట్టింది. నేను తీసినవి జేపీజీలు! ఏళ్ల తరబడి ఎడిటింగ్ చేస్తూ కూడా ఈ సంగతి వదిలేశానంటే బాధేసింది. జేపీజీలో అంకె రెట్టింపు అయితే వెలుగు రెట్టింపైనట్టు కాదు, మన కంటికి బాగుండాలని కెమెరా చీకటి భాగాల్ని పైకి లేపుతుంది, దాన్నే గామా అంటారు, మామూలుగా 2.2 దగ్గర ఉంటుంది. దానివల్ల మాగ్నిట్యూడ్ తేడా మొత్తం దాదాపు 2.2 వంతులు కుంచించుకుపోతుంది. 1.22ని 2.2తో భాగిస్తే 0.55, నాకొచ్చింది 0.58. తప్పు ఎక్కడుందో తప్పే చెప్పింది.

రా ఫైల్లో అలా కాదు, పడిన వెలుగెంతో అంకె అంత, నిండిపోనంతవరకు. ఆ సాయంత్రం రాలో తీశా, ఐఎస్ఓ 200, ఎఫ్4, 5 సెకన్లు, ఫోకస్ కొంచెం చెదిరి. `Siril` అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ ఛానల్ మాత్రమే వేరు చేశా, మన కంటి మాగ్నిట్యూడ్‌కి దగ్గరగా ఉండేది అదే. లెన్సుకి మూత పెట్టి తీసిన ఫ్రేము అంకెల్ని కూడా వాటిలోంచి తీసేశా, కెమెరా తనంతట తాను కలిపే అంకె పోవాలని. తర్వాత `AstroImageJ`లో చుక్క చుట్టూ గుండ్రంగా గీసి లోపలి వెలుగంతా కలిపి లెక్కేశా.

మిర్ఫాక్ 1,73,300. డెల్టా 71,100. అంటే 2.44 రెట్లు, తేడా 0.97. ముందుకన్నా చాలా నయం, కానీ ఇంకా పావు మాగ్నిట్యూడ్ లోటు.

ఈ పావు ఎక్కడికి పోయిందో వెతకడానికి ఒక పని చేశా, ఇది అందరికీ పనికొస్తుంది. గుండ్రం సైజు పెంచి మళ్లీ కొలిచా. చుక్క వెలుగంతా ముందే లోపల ఉంటే గుండ్రం పెంచినా రెట్లు మారకూడదు కదా. మారింది, ఇంకా తగ్గింది. అంటే లోపల చుక్కది కాని వెలుగు ఉంది. మా వీధి దీపం మసక ఆకాశం! మూత ఫ్రేము కెమెరా లోపలిదే తీస్తుంది, ఆకాశంలోది తియ్యదు. చుక్క చుట్టూ ఇంకో వలయం గీసి, అక్కడి ఖాళీ ఆకాశం ఎంతుందో చూసి, అది తీసెయ్యాలి. నాకు ఒక్కో గుండ్రంలో 21,000 ఆకాశానిదే.

తీసేస్తే మిర్ఫాక్ 1,52,300, డెల్టా 50,100. రెట్లు 3.04, తేడా 1.21. ఉండాల్సింది 1.22. మేడ మీద ఒక్కణ్నే గట్టిగా అరిచా.

గమనించారా, రెండింటి నుంచీ తీసింది ఒకటే 21,000, కానీ పెద్ద చుక్కకి అది చిల్లర, చిన్న చుక్కకి మూడోవంతు కన్నా పైనే. ఆకాశం వెలుగు తియ్యకపోతే ఎప్పుడూ చిన్న చుక్కే ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, తేడా ఎప్పుడూ తగ్గుతుంది.

రోజు 6

గ్రహణం లేని రాత్రి అల్గాల్ కొలత. పోల్చడానికి డెల్టాని ఉంచుకున్నా, మిర్ఫాక్‌ని పక్కన పెట్టా. మిర్ఫాక్ కొంచెం పసుపు వైపు, అల్గాల్, డెల్టా రెండూ నీలం తెలుపు, రంగు దగ్గరగా ఉంటే ఛానల్ వల్ల వచ్చే తేడా తక్కువ. అల్గాల్‌కి మరీ దగ్గర్లో రో పర్సీ అని ఒకటుంది, చూడగానే పోల్చుకోవడానికి బాగుందనిపిస్తుంది, కానీ దాని వెలుగే మారుతూ ఉంటుంది, సాగే టేపుతో గుడ్డ కొలిచినట్టవుతుంది.

పది ఫ్రేముల సగటు: అల్గాల్ 1,12,600, డెల్టా 49,900. రెట్లు 2.257, తేడా 0.88. డెల్టా 3.01 కాబట్టి అల్గాల్ 2.13. ఫ్రేముకీ ఫ్రేముకీ 0.03 దాకా అటూ ఇటూ అవుతోంది, చుక్కలు మినుకుమంటాయి కాబట్టి ఒక్క ఫ్రేముని నమ్మకూడదు.

రోజు 8

లెక్క ప్రకారం ఈ రాత్రి గ్రహణం మధ్య భాగం పన్నెండు దాటాక 1:40కి. మబ్బు. ఏం లేదు.

దీనికి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు కలిపితే పదకొండో రోజు రాత్రి 10:29. ప్రతి గ్రహణం ఇలా మూడు రోజులకోసారి 3 గంటల 11 నిమిషాలు ముందుకి జరుగుతుంది, అందుకే పడుకునే వేళ కాకుండా మనకి వీలైన వేళకి రావడానికి కొన్ని రోజులు ఆగాలి.

రోజు 11

వీధి దీపం గోల లేకుండా కళింగపట్నం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాం, మావాడు కూడా వచ్చాడు. పదిన్నరకి అల్గాల్ ఉత్తరాన నడినెత్తికి కొంచెం కిందగా, 60 డిగ్రీలకి పైనే ఎత్తులో ఉంటుంది, ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కిందకి దిగిన చుక్క మందపాటి గాల్లోంచి రావాలి, సముద్రం పక్కన ఆ తేమకి ఇంకా వెలుగు తింటుంది.

7:30కి డెల్టా కన్నా అల్గాల్ 1.87 రెట్లు, అంటే 2.33. అప్పటికే దిగుతోంది. 8:30కి 1.36 రెట్లు, 2.68. మావాడు కంటితో చూస్తూ "సమానంగా అయిపోతన్నాయి మావయ్యా" అన్నాడు. 9:14కి కెమెరాలో రెండూ సమానం. రెట్లు 1 అయితే లాగ్ సున్నా, తేడా సున్నా, అంటే అల్గాల్ కూడా 3.01. ఆ క్షణంలో ఫార్ములా అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది.

9:30 దాటాక రెండు అంకెలూ పడిపోవడం మొదలైంది. 9:50కి అల్గాల్ 29,000. మామూలు రోజు అంకె 1,12,600తో చూస్తే 3.88 రెట్లు తగ్గింది, తేడా 1.47, అంటే మాగ్నిట్యూడ్ 3.60. ఇంకా నలభై నిమిషాలుండగా అప్పుడే 3.60 ఏంటి, అల్గాల్ అంత కిందకి ఎప్పుడూ వెళ్లదు. డెల్టా చూశా, 49 వేల మీద ఉండాల్సింది 36,200కి దిగిపోయింది. లెన్సు మీద వేలు పెడితే తడి. మంచు కమ్మేసింది!

కానీ మంచు రెండిటి వెలుగునీ ఒకే వంతున తినేసింది. 29,000ని 36,200తో భాగిస్తే 0.80, అల్గాల్ 3.25. ఆ సమయానికి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. అల్గాల్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే 0.35 తప్పు రాసుకునేవాణ్ని. మాగ్నిట్యూడ్ లెక్క వెలుగుల నిష్పత్తి మీదే నడుస్తుంది, రెండు చుక్కలకీ ఒకేలా పట్టిన మంచుగానీ పల్చటి మబ్బుగానీ భాగారంలో కొట్టుకుపోతుంది. అమ్మమ్మగారింట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంది, పిన్ని తెచ్చిచ్చింది, లెన్సుకి దూరంగా పట్టి ఆరబెట్టా.

10:29.

```python
import math
algol, delta = 34700, 49500
print(3.01 - 2.5*math.log10(algol/delta))
```

3.396 వచ్చింది. 3.40 అనుకుందాం. రోజు 6న 2.13, ఇప్పుడు 3.40, తేడా 1.27, అంటే 10 పైన 0.508, వెలుగు 3.22 వంతులు తగ్గింది. మాగ్నిట్యూడ్ల దాకా వెళ్లకుండా నేరుగా కూడా చూసుకున్నా, ఆ రోజు డెల్టా కన్నా 2.257 రెట్లు, ఈ రోజు 0.701, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 3.22. రెండు దారులూ ఒకే చోటికి తెచ్చాయి. నా భాషలో చెప్పాలంటే స్టాపున్నర కన్నా కొంచెం ఎక్కువ. ఆ చుక్క నుంచి మామూలుగా వచ్చే వెలుగులో వందకి 31 పాళ్లే మాకు చేరుతోంది.

మావాడు బైనాక్యులర్ దించి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి వెలుగు సగం ఎప్పుడైంది" అని అడిగాడు. మంచి ప్రశ్న. సగం అంటే 2కి లాగ్ 0.301, 2.5తో గుణిస్తే 0.75. 2.13కి కలిపితే 2.88. అంటే 8:30కీ 9:14కీ మధ్యలో ఎప్పుడో సగం అయిపోయింది, మేమప్పుడు ఉప్మా తింటున్నాం.

11:45కి అల్గాల్ మళ్లీ డెల్టాతో సమానం, ఈసారి పైకి లేస్తూ. 9:14కీ 11:45కీ నడిమధ్య 10:29న్నర. లెక్కలో ఉన్న టైమే.

రోజు 14

తర్వాతి గ్రహణం సాయంత్రం 7:18కి, ఈసారి మా మేడ మీదే. దిగేటప్పుడు డెల్టాతో సమానమయ్యే వేళ ఆరు దాటీ దాటగానే, ఆకాశం ఇంకా వెలుగ్గా ఉండి వలయం అంకెలు పిచ్చిగా ఊగుతున్నాయి, ఆ కొలతలు పారేశా. 7:20కి 3.38. మొన్నటికీ దీనికీ 0.02 తేడా, అది నా ఫ్రేముల ఊగిసలాటలోదే.

లేచేటప్పుడు మాత్రం బాగా దొరికింది, డెల్టాతో సమానం 8:36కి. పదకొండో రోజు ఇదే జరిగింది 11:45కి. మధ్యలో 2 రోజుల 20 గంటల 51 నిమిషాలు. పుస్తకాల్లో ఉన్నది 49. రెండు నిమిషాలు నావి, ఎందుకంటే నేను తీస్తున్నది నాలుగు నిమిషాలకో గుత్తి ఫ్రేములు. వచ్చే గ్రహణానికి నిమిషానికో ఫ్రేము పెడతా, బ్యాటరీలు రెండూ ఇప్పుడే చార్జింగులో పెట్టా.